రెండు వీలునామాలు, ముగ్గురు హక్కుదారులు: వారసత్వ సమస్యకు జవాబు ఎలా రాయాలి

లా పరీక్షల్లో వారసత్వం మీద వచ్చే పెద్ద ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే పోలికలో ఉంటుంది. ముసలాయన జబ్బుపడతాడు, ఆ రోజుల్లోనే ఒక వీలునామా పుడుతుంది, అందులో ఒక మాట రెండు రకాలుగా అర్థమవుతుంది, ఆయన పోయాక పిల్లలు తలోవైపు లాగుతారు. జూనియర్ లాయరు బల్ల మీదికి వచ్చే ఫైలూ ఇలాగే ఉంటుంది. చాలామంది "ఆయనకు మతి ఉందా" అన్న ప్రశ్న మీద పడి అక్కడే పేజీలన్నీ ఖర్చుచేస్తారు. మతి సంగతి మూడో మెట్టు. అంతకుముందు రెండున్నాయి, తర్వాత మరో రెండున్నాయి. ఒక ప్రశ్న తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపించి చూద్దాం.

ప్రశ్న ఇది

తెనాలిలో ఒక హిందూ తండ్రి 81 ఏళ్ల వయసులో 2021 జనవరిలో చనిపోయాడు. భార్య 2012లోనే పోయింది. పిల్లలు ముగ్గురు. పెద్దకొడుకు, కూతురు ఉన్నారు. చిన్నకొడుకు 2017లో వీలునామా రాయకుండానే చనిపోయాడు, అతనికి భార్య, మైనరు కొడుకు ఉన్నారు. పెద్దకొడుక్కీ ఒక కొడుకున్నాడు.

ఆస్తి: సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, 1968లో వీలునామా లేకుండా పోయిన తన తండ్రి స్వార్జితంలోంచి తన వాటాగా వచ్చిన 4 ఎకరాలు, 1990లో కొన్న ఎకరంన్నర, బ్యాంకులో 12 లక్షల డిపాజిట్లు. డిపాజిట్లకు నామినీ పెద్దకొడుకు.

2013లో రిజిస్టరు చేసిన వీలునామాలో ఇల్లు చిన్నకొడుక్కి, పొలాలన్నీ పెద్దకొడుక్కి రాశాడు. డిపాజిట్ల మాట లేదు. ఆ వీలునామాను ఎవరూ తప్పుపట్టడం లేదు.

2020 ఆగస్టు 1న పక్షవాతంతో ఆసుపత్రిలో చేరాడు. మొదటి మూడు రోజుల నోట్సులో అయోమయంగా ఉన్నాడని ఉంది. 9న ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో "స్పృహలో ఉన్నాడు, మామూలు ప్రశ్నలకు జవాబిస్తున్నాడు, కుడిచెయ్యి బలహీనం" అని ఉంది. 12న రిజిస్టరు కాని రెండో వీలునామా వచ్చింది. రాసే మనిషిని పెద్దకొడుకే పిలిపించాడు. ఎప్పుడూ సంతకం చేసే తండ్రి ఇందులో వేలిముద్ర వేశాడు. సాక్షులు ఇద్దరు: కూతురి భర్త, పక్కింటాయన. పక్కింటాయన 2022లో పోయాడు. ఆ వీలునామాలో రెండే అంశాలున్నాయి: "నా ఇల్లు నా పెద్దకొడుకు దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలెను, అతని తదనంతరం నా మనవడికి చెందవలెను. నా కాలువగట్టు పొలం నా కూతురికి చెందవలెను." పాత వీలునామా రద్దు అన్న మాట లేదు. డిపాజిట్ల ఊసూ లేదు. పొలాలు రెండూ కాలువ పక్కనే ఉన్నాయి, సర్వే నంబరు ఎక్కడా రాయలేదు.

ఆగస్టు 26న బ్యాంకులో డిపాజిట్ల పునరుద్ధరణకు అధికారి ఎదుట వేలిముద్ర వేశాడు. ఎవరికి ఏమి దక్కుతుంది?

మొదటి మెట్టు: ఆయన రాసివ్వగలిగిన ఆస్తి ఎంత

వీలునామా తనది కాని ఆస్తిని ఇవ్వలేదు. కాబట్టి ముందు ఆస్తి రకం తేల్చండి. "తాత నుంచి వచ్చింది కాబట్టి పిత్రార్జితం, పిల్లలకు పుట్టుకతోనే హక్కు" అని రాస్తే ఇక్కడ తప్పవుతుంది. తాత ఆస్తి అతని స్వార్జితం, అతను 1956 తర్వాత పోయాడు, తండ్రికి అది హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షను కింద వారసుడిగా వచ్చింది. అలా వచ్చినది తండ్రి చేతిలో అతని విడి ఆస్తే అని సుప్రీంకోర్టు 1986లో చందర్ సేన్ కేసులో చెప్పింది. కాబట్టి 4 ఎకరాలూ రాసివ్వదగినవే.

పొలం అన్నదమ్ముల పంపకంలో వచ్చిన ఉమ్మడి ఆస్తి అని ప్రశ్నలో ఉంటే లెక్క మారిపోయేది. అప్పుడు 30వ సెక్షను ప్రకారం తన అవిభక్త వాటానే రాయగలడు, 2005 సవరణ తర్వాత కూతురూ పుట్టుకతో వాటాదారే. 2020లో వినీతా శర్మ తీర్పు దాన్ని స్థిరపరచింది. ప్రశ్నలో ఆ ఒక్క వాక్యం ఎలా ఉందో రెండుసార్లు చదవండి. జవాబు మొత్తం దాని మీదే తిరుగుతుంది.

రెండో మెట్టు: కాగితం వీలునామాగా పుట్టిందా

భారత వారసత్వ చట్టం 63వ సెక్షను అడిగేవి మూడు. రాసినవాడు సంతకమో గుర్తో పెట్టాలి, వేలిముద్ర చాలు. ఇద్దరు సాక్షులూ ఆయన పెట్టడం చూసి ఉండాలి, లేదా పెట్టింది తానేనని ఆయన స్వయంగా చెప్పగా విని ఉండాలి. ఇద్దరూ ఆయన ఎదుట సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అది లేదన్న ఒక్క కారణంతో వీలునామా పోదు.

కోర్టులో రుజువు చేయడం వేరే సంగతి. కనీసం ఒక సాక్షిని బోనెక్కించాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షను, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 67. పక్కింటాయన లేడు కాబట్టి అల్లుడే మిగిలాడు. చాలా దావాలు సరిగ్గా ఈ చోట జారిపోతాయి. అల్లుడు "మామగారు నా ఎదుట వేలిముద్ర వేశారు, నేను సంతకం చేశాను" అని చెప్పి ఊరుకుంటే చాలదు. పక్కింటాయన కూడా మామగారి ఎదుటే సంతకం చేశాడని చెప్పాలి. ఒక్క సాక్షినే పిలిచినప్పుడు అతని నోటి నుంచి ఇద్దరి సంతకాల సంగతీ రావాలని 2002లో జానకీ నారాయణ్ భోయిర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు పెద్దకొడుకు తరఫున ఉంటే ప్రధాన విచారణలో ఆ ప్రశ్న వదిలిపెట్టొద్దు. ఎదుటి పక్షంలో ఉంటే, వాళ్లు మరచిపోయిన ప్రశ్నను క్రాస్‌లో మీరు అడిగి ఆ ఖాళీ పూడ్చకండి.

వీలునామా రాసిన మనిషిని రెండో సాక్షిగా లెక్కేయాలని కొందరికి అనిపిస్తుంది. "వ్రాసినవారు" అని కింద సంతకం చేసినంత మాత్రాన సాక్షి కాడు. సాక్ష్యం చెప్పాలన్న ఉద్దేశంతో సంతకం చేసి ఉండాలి.

ఇక అల్లుడి సంగతి. తన భార్యకు పొలం వచ్చే వీలునామాకు తానే సాక్షి. సాక్షికి గానీ సాక్షి జీవిత భాగస్వామికి గానీ రాసిన ఆస్తి చెల్లదని భారత వారసత్వ చట్టం 67వ సెక్షను చెప్తుంది కదా అని కూతురి వాటా కొట్టేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ సెక్షను హిందువుల వీలునామాలకు వర్తించదు. ఏయే సెక్షన్లు వర్తిస్తాయో 57వ సెక్షనూ మూడో షెడ్యూలూ జాబితా ఇస్తాయి, ఆ జాబితాలో 63 తర్వాత 64, 68 ఉన్నాయి గానీ 67 లేదు. అల్లుడి స్వార్థం అతని మాటను ఎంతవరకు నమ్మాలన్న దగ్గర పనికొస్తుంది, పొలాన్ని మాత్రం కూతురి చేతిలోంచి లాగేయదు.

మూడో మెట్టు: మతి, అనుమానాలు

59వ సెక్షను అడిగేది స్వస్థచిత్తం. జబ్బుగా ఉండటం, ముసలితనం, మాట తడబడటం వీటిలో ఏదీ దానంతటదే అనర్హత కాదు. తన ఆస్తి ఏమిటో, తనవాళ్లెవరో, ఎవరికి ఇవ్వడం సబబో అర్థం చేసుకునే శక్తి ఉందా అన్నదే ప్రశ్న. 59 కింద ఉన్న మొదటి ఉదాహరణ ఈ సమస్యకు అచ్చంగా సరిపోతుంది: చుట్టూ జరిగేది గ్రహిస్తాడు, అలవాటైన ప్రశ్నలకు జవాబిస్తాడు, కానీ తన ఆస్తి స్వభావం, బంధువులెవరు అన్నది తెలియదు, అతను చెల్లే వీలునామా రాయలేడు. మన డిశ్చార్జి కాగితంలో ఉన్నదీ అదే: మామూలు ప్రశ్నలకు జవాబిస్తున్నాడు. అది మతి ఉందని రుజువు కాదు, లేదని రుజువూ కాదు. దాన్ని పట్టుకుని ఇరుపక్షాలూ గెలిచామనుకుంటాయి. మీరు దాని అసలు బరువెంతో రాయండి. వీలునామా మొదట్లో "పూర్తి స్వస్థచిత్తముతో వ్రాయించిన" అన్న వాక్యం ఉన్నా దానికి పెద్ద విలువ లేదు, ప్రతి వీలునామాలోనూ అది ఉంటుంది.

బరువు ఎవరి మీద అన్నది తప్పకుండా విడదీసి చెప్పాలి. వీలునామా నిలబెట్టేవాడు సక్రమంగా రాయించడం, మతి ఉండటం, అనుమానాలు పోగొట్టడం ఈ మూడూ తానే చూపాలి. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచి కోర్టులు పట్టుకున్న దారి ఇది. ఎదుటివాళ్లు మోసం, బలవంతం, అనుచిత ప్రభావం అని ఆరోపిస్తే మాత్రం వాటిని వాళ్లే రుజువు చేయాలి. చిన్నకోడలు "మామగారిని బలవంతపెట్టారు" అని జవాబులో రాసి ఆధారం చూపలేకపోతే ఆ మాట పోతుంది, అనుమానాలు మాత్రం మిగిలే ఉంటాయి. ఈ రెండూ కలిపేస్తే జవాబు చెడుతుంది.

ఇప్పుడు అనుమానాలు ఒక్కొక్కటే తూచండి. సంతకం బదులు వేలిముద్ర: డిశ్చార్జి కాగితంలో కుడిచెయ్యి బలహీనమని ఉంది. మతి మీద సందేహం పుట్టించిన పక్షవాతమే వేలిముద్రకు కారణం చెప్తోంది, కాబట్టి ఇది చాలావరకు తొలగిపోతుంది. పెద్దకొడుకు రాసే మనిషిని పిలిపించడం, పెద్ద లాభం అతనికే రావడం: బలమైన అనుమానం. చనిపోయిన కొడుకు పిల్లవాడిని పక్కనపెట్టడం: ఒక్కటే అయితే అంత బరువు లేదు, ఎందుకంటే వీలునామా రాసేదే సహజ క్రమాన్ని మార్చడానికి, 1995లో రబీంద్రనాథ్ ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే అంది. కానీ ఇక్కడ అదే ఇల్లు ఏడేళ్ల కిందట ఆ పిల్లవాడి తండ్రికే రిజిస్టరు చేసి రాశాడు. ఆ కాగితం గురించి రెండో దానిలో ఒక్క మాట లేదు, 12 లక్షల గురించీ లేదు. ఆస్తి గుర్తుందా అన్న పరీక్షలో ఇది అన్నిటికన్నా ఎక్కువ నొప్పించే వాస్తవం. మార్చాలనుకుని మార్చాడా, పాతది ఉందని మరచిపోయాడా అన్న సందేహం దీనితోనే వస్తుంది.

నిలబెట్టడానికీ కొంత ఉంది. కూతురికీ ఒక భాగం ఇచ్చి, పెద్దకొడుక్కి అంతా కట్టబెట్టని ఏర్పాటు అది. 26న బ్యాంకులో చేసిన పని కొంత సాయం, కానీ అది రెండు వారాల తర్వాతి సంగతి, పైగా పాత డిపాజిట్లను పొడిగించడం చిన్న పని. 1-3 తేదీల అయోమయం 12న కూడా ఉందని చెప్పదు, 26 నాటి తెలివి 12న ఉందనీ చెప్పదు. తేలాల్సింది 12వ తేదీ. ఆ రోజుకు దగ్గరగా ఉన్న మనుషులు ఇద్దరే: చూసిన డాక్టరు, రాసిన మనిషి. తండ్రే చెప్పగా రాశానా, పెద్దకొడుకు తెచ్చిన చిత్తుప్రతిని ఎక్కించానా, చదివి వినిపించానా అన్నది ఆ మనిషే చెప్పాలి. వాళ్లిద్దరూ రాకుండా ఒక్క అల్లుడి మాట మీద ఈ వీలునామా నిలవడం కష్టమనే నా అభిప్రాయం. పరీక్షలో మాత్రం అక్కడ ఆగకండి. "నిలిస్తే" అని ఒక దారి, "నిలవకపోతే" అని ఇంకో దారి, రెండూ చివరిదాకా నడపాలి.

నాలుగో మెట్టు: నిలిస్తే, ఆ మాటలకు అర్థం

కాలువగట్టు పొలం అన్న మాట చదివితే స్పష్టంగానే ఉంది. ఊళ్లోకి వెళ్లి చూశాకే రెండు పొలాలున్నాయని బయటపడుతుంది. ఇలాంటి చోట 80వ సెక్షను బయటి సాక్ష్యాన్ని అనుమతిస్తుంది. చట్టంలోని ఒక ఉదాహరణ ఒకే పేరున్న ఇద్దరు బంధువులది, ఇంకొకటి ఒకే పేరున్న రెండు ఎస్టేట్లది, మన ప్రశ్నలోనూ అంతే: పేరొకటి పొలాలు రెండు. అదే కాగితంలోనే "నా ... సెంట్ల పొలం" అని ఖాళీ వదిలి ఉంటే 81 అడ్డొచ్చేది, ఆ ఖాళీని సాక్షులు పూరించలేరు.

ఏ సాక్ష్యం వెతకాలి? ఇంట్లో, కౌలుదారుతో, శిస్తు కట్టేటప్పుడు ఆయన ఏ పొలాన్ని ఆ పేరుతో పిలిచేవాడు? కౌలు కాగితాల్లో, పాత ఉత్తరాల్లో ఏముంది? రెండో పొలానికి వేరే పేరుండి (ఉదాహరణకు "రోడ్డు పొలం") అందరూ అలాగే పిలిచి ఉంటే సమస్య తీరినట్టే. పాసుపుస్తకం, అడంగల్ సర్వే నంబర్లు చెప్తాయి గానీ ఆయన నోటి పేరు చెప్పవు. అక్కడ కౌలుదారు మాటే వాటికన్నా పనికొస్తుంది. ఎంత వెతికినా తేలకపోతే 89వ సెక్షను ప్రకారం అనిశ్చితి వల్ల ఆ ఏర్పాటు పోతుంది.

ఇంటి వాక్యంలో చిక్కు వేరు. "దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో" అని పూర్తి హక్కు ఇచ్చి, వెంటనే "అతని తదనంతరం మనవడికి" అన్నాడు. పొసగని రెండు భాగాల్లో చివరిది నెగ్గుతుందని 88వ సెక్షను. కానీ సంపూర్ణ హక్కు ఇచ్చేశాక దానికి విరుద్ధమైన తర్వాతి ఏర్పాటు చెల్లదని 2002లో మౌలేశ్వర్ మణి కేసు. రెండింటినీ పేరుపెట్టి రాసి, 82 ప్రకారం మొత్తం కలిపి చదివి ఏది ఒప్పుతుందో చెప్పండి. మొదటి భాగాన్ని జీవితకాలపు అనుభవంగా కుదించి చదవగలిగితే రెండూ బతుకుతాయి, అప్పుడు 88 దాకా పోనక్కర్లేదు. "అనుభవించవలెను" అన్న క్రియ అటు మొగ్గుతుంది. కానీ అమ్మే హక్కును పేరుపెట్టి ఇచ్చాక దాన్ని జీవితకాలపు హక్కుగా కుదించడం కష్టం, కాబట్టి పెద్దకొడుక్కి పూర్తి హక్కు అన్న వైపే బలం ఎక్కువ. ఒకవేళ మనవడి ఏర్పాటు నిలిచిందంటే మనవళ్లు ఇద్దరున్నారు, మళ్లీ 80వ సెక్షనే.

ఐదో మెట్టు: రెండు వీలునామాలూ ఎలా కలుస్తాయి

రెండోది నిలిచినా మొదటిది మొత్తం చచ్చిపోదు. రద్దు మాట లేదు కాబట్టి పొసగని మేరకే పాతది తొలగుతుంది. ఇల్లు పెద్దకొడుక్కి మారింది. కాలువగట్టు పొలం అంటే ఎకరంన్నర అని తేలితే, మిగిలిన 4 ఎకరాలు పాత వీలునామా కిందే పెద్దకొడుక్కి వెళ్తాయి. 4 ఎకరాలే అని తేలితే అతనికి ఎకరంన్నర మిగులుతుంది. ఏదీ తేలక ఆ ఏర్పాటు పోతే, పాత వీలునామాలోని "పొలాలన్నీ" అన్న మాట తొలగించడానికి ఏమీ లేదని పెద్దకొడుకు వాదిస్తాడు, ఆ వాదనకు బలముంది. చిన్నకొడుకు కుటుంబానికి ఈ దారిలో డిపాజిట్లలో వాటా తప్ప ఏమీ రాదు.

రెండోది నిలవకపోతే 2013 నాటిదే అమల్లో ఉంటుంది. ఇల్లు రాసిన చిన్నకొడుకు తండ్రికన్నా ముందే పోయాడు. మామూలుగా అలాంటి ఏర్పాటు 105 ప్రకారం పడిపోయి శేషంలో కలుస్తుంది, చాలామంది అక్కడే ఆగి ఇంటిని ముగ్గురికీ పంచేస్తారు. 109 చూడండి: పోయినవాడు రాసినవాడి సంతానమై, అతని సంతానం ఒకరు రాసినవాడు పోయేనాటికి బతికుంటే, వేరే ఉద్దేశం కనిపించకపోతే ఆ ఏర్పాటు పడిపోదు. చిన్నకొడుకు తండ్రి తర్వాత క్షణంలో పోయినట్టు లెక్క. అంటే ఇల్లు మైనరుకు నేరుగా రాదు, చిన్నకొడుకు ఆస్తిలో చేరి అక్కడ నుంచి అతని వారసులకు పోతుంది. తల్లి ముందే పోయింది కాబట్టి భార్యకు సగం, కొడుక్కి సగం. పొలాలన్నీ పెద్దకొడుక్కి.

ఇక్కడ ఎవరు దేన్ని కోరుకుంటారో గమనించండి. చిన్నకోడలు రెండో వీలునామా పోవాలనుకుంటుంది. కూతురికి అది నిలవాలి, లేకపోతే ఆమెకు పొలమే లేదు. రుజువు కోసం ఉన్న ఒక్క సాక్షి ఆమె భర్తే, కాబట్టి అతని మాటను కోర్టు గట్టిగానే తూస్తుంది. పెద్దకొడుక్కి నిలిస్తే ఇల్లూ కొంత పొలమూ, పోతే పొలమంతా. పొలం విలువను బట్టి అతను అంత పట్టుగా పోరాడకపోవచ్చు. ఒక వరసలో అన్నాచెల్లెళ్లు, ఇంకో వరసలో చిన్నకోడలు అని ముందే అనుకోవద్దు.

డిపాజిట్లు

రెండు వీలునామాల్లోనూ లేవు కాబట్టి ఏ దారిలోనైనా హిందూ వారసత్వ చట్టం 8, 10 సెక్షన్ల ప్రకారమే. పెద్దకొడుకు 4 లక్షలు, కూతురు 4 లక్షలు, చిన్నకొడుకు శాఖకు 4 లక్షలు. అందులో భార్యకు 2, కొడుక్కి 2. నామినీ అన్న కారణంతో పెద్దకొడుకు బ్యాంకు నుంచి 12 లక్షలూ తీసుకోవచ్చు, బ్యాంకు అతనికిచ్చి చేతులు దులుపుకోవచ్చు, కానీ అతను వారసుల తరఫున తీసుకున్నట్టే. బీమా పాలసీల మీద సర్బతీ దేవి కేసులో 1983లో మొదలైన ఈ సూత్రం బ్యాంకు ఖాతాలకు 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో వచ్చింది.

దావా ఎక్కడ వేయాలంటే, తెనాలి ఆస్తులకు హిందువుల విషయంలో ప్రొబేట్ తప్పనిసరి కాదు. చిన్నకోడలు మైనరు కొడుకు తరఫున కూడా తానే నిలబడి అక్కడి సివిల్ కోర్టులో ఇంటి మీద హక్కు ప్రకటించమనీ, డిపాజిట్ల పంపకమూ కోరవచ్చు. రెండో వీలునామాను ఆ దావాలోనే పెద్దకొడుకూ కూతురూ రుజువు చేసుకోవాలి. మైనరు వాటాను తల్లి కోర్టు అనుమతి లేకుండా రాజీలో వదులుకుంటే, ఆ రాజీని పిల్లవాడు తర్వాత రద్దు చేయించుకోవచ్చు.